దూరపు చెట్టు ఉలిక్కిపడకుండా

వీడియో గేములో అడవి గుండా నడిచిన ప్రతివాళ్లకీ ఈ దృశ్యం తెలిసే ఉంటుంది. ఎదురుగా కొండవాలు, దాని నిండా చెట్లు, అన్నీ నమ్మదగ్గట్టే నిలబడి ఉంటాయి. నాలుగడుగులు ముందుకు వేస్తే చాలు, చూపుకు ఓ పక్కగా ఉన్న చెట్టు తటాలున మారిపోతుంది. ఆకులు గుబురెక్కినట్టో, కొమ్మ ఒకటి కొత్తగా మొలిచినట్టో, రంగు ఒక్కసారిగా ముదిరినట్టో అనిపిస్తుంది. వద్దనుకున్నా చూపు అటే పోతుంది. గేములు తయారుచేసేవాళ్లు దీన్ని పాపింగ్ అంటారు.

అలా మారడానికి కారణం ఆ చెట్టుకు ఒకటికి నాలుగు రూపాలు ఉండటమే. దగ్గర్నుంచి చూడటానికి వేల త్రిభుజాలతో కట్టిన రూపం ఒకటి, కొంచెం దూరానికి అందులో సగం, ఇంకా దూరానికి మరీ తక్కువ, చివరికి చెట్టు బొమ్మ అతికించిన ఒక్క పలక. దూరం పెరిగేకొద్దీ కంప్యూటర్ ఒకదాన్ని తీసి ఇంకొకదాన్ని నిలబెడుతుంది. వస్తువు తెరమీద ఎంత పెద్దగా కనిపిస్తుందో చూసుకుని, దానికి తగ్గ రూపాన్ని ఎంచుకోవాలన్న ఆలోచనను జేమ్స్ క్లార్క్ 1976లోనే ఒక పరిశోధన పత్రంలో రాశాడు. ఈ రూపాల వరుసను లెవెల్ ఆఫ్ డీటెయిల్ గొలుసు అంటారు. పనిచేసేచోట అందరి నోటా వినిపించేది ఎల్‌ఓడీ. పూర్తి రూపం ఎల్‌ఓడీ 0, తర్వాతివి 1, 2, 3.

రాళ్లకూ ఇళ్లకూ ఈ గొలుసు కట్టడం పెద్ద కష్టం కాదు. గోడకు వెయ్యి త్రిభుజాల బదులు వంద వాడినా గోడ గోడలాగే కనిపిస్తుంది. చెట్టుకు అలాంటి ఒక్క ఉపరితలం లేదు. వేల ఆకులు, వాటి మధ్య ఖాళీలు, ఆ ఖాళీల్లోంచి కనిపించే ఆకాశం, ఇవన్నీ కలిసి చెట్టు. గోడను కుదించే సాఫ్ట్‌వేర్‌కే చెట్టును అప్పజెబితే అది ఒక్కో ఆకునూ కరిగించుకుంటూ పోయి చివరికి మోడును మిగులుస్తుంది. గడ్డి సంగతి మరీ కష్టం. ఒక్కో పోచ సన్నని గీత, అలాంటివి లక్షలు.

పాపింగ్‌కు మందు ఏమిటని అడిగితే చాలామంది చెప్పేది ఒక రూపాన్ని మెల్లగా మసకబార్చి మరొకదాన్ని పైకి తేవడం. అది చేయాల్సిందే, దాని గురించి తర్వాత చెబుతాను. కానీ అసలు పని అంతకు ముందే జరగాలి. రెండు రూపాలు తెరమీద కప్పే స్థలం, వాటి సగటు రంగు, గాలికి కదిలే తీరు ఒక్కటైతే మార్పిడి ఒక్క క్షణంలో జరిగినా చూసేవాడు పట్టుకోలేడు. ఆ మూడూ కలవకపోతే ఎంత నెమ్మదిగా మార్చినా చెట్టు బక్కచిక్కడమో, తెల్లబోవడమో కంటపడుతుంది.

మన కన్ను పనితీరే దీనికి కారణం. చూపు అంచుల్లో మనకు అక్షరాలు చదివేంత స్పష్టత ఉండదు. కానీ అక్కడ ఏదైనా హఠాత్తుగా వెలిగినా, మారినా, కదిలినా ధ్యాస దానంతటదే అటు మళ్లుతుంది. ఒక ఆకు ఆకారం తేడాగా ఉంటే అక్కడ ఎవరికీ తెలియదు. మొత్తం చెట్టు ఒక్క క్షణంలో పది శాతం తెల్లబడితే అందరికీ తెలుస్తుంది.

ఇక లెక్కలోకి వద్దాం. తెరకు నిలువునా 1080 పిక్సెళ్లు, కెమెరా నిలువు దృష్టికోణం 60 డిగ్రీలు అనుకుందాం. అప్పుడు ఒక వస్తువు తెరమీద ఎన్ని పిక్సెళ్లు ఆక్రమిస్తుందో తెలియాలంటే, దాని పరిమాణాన్ని మీటర్లలో తీసుకుని 935తో గుణించి, దూరంతో భాగిస్తే చాలు. 12 మీటర్ల వేపచెట్టు 30 మీటర్ల దూరంలో 374 పిక్సెళ్ల ఎత్తు ఉంటుంది, 60 మీటర్ల దగ్గర 187, 120 మీటర్ల దగ్గర 93. అదే చెట్టులోని 6 సెంటీమీటర్ల ఆకు 10 మీటర్ల దగ్గర ఐదారు పిక్సెళ్లుంటే, 56 మీటర్లు దాటగానే ఒక పిక్సెల్ కన్నా చిన్నదైపోతుంది.

గొలుసు కట్టాలన్న నిర్ణయం ఈ 56 మీటర్ల అంకె నుంచి పుడుతుంది. గ్రాఫిక్స్ చిప్ పిక్సెళ్లకు రంగు వేసేటప్పుడు రెండు అడ్డం, రెండు నిలువు, మొత్తం నాలుగేసి కలిపి లెక్కిస్తుంది. త్రిభుజం ఒక్క పిక్సెల్‌కే తగిలినా నాలుగింటి పని చేయాల్సి వస్తుంది. ఆకులు పిక్సెల్ కన్నా చిన్నవైతే ఆ పనిలో ఎక్కువ భాగం వృథా. పైగా కెమెరా కాస్త కదిలితే అలాంటి ఆకు ఒక ఫ్రేములో పిక్సెల్ మధ్యబిందువుకు తగిలి, తర్వాతి ఫ్రేములో తప్పిపోతుంది. చెట్టంతా మిణుకుమిణుకుమంటుంది. అంటే దూరపు చెట్టును తేలికపరచడం వేగం కోసమే అనుకోకూడదు, బొమ్మ స్థిరంగా ఉండటానికీ అది అవసరమే.

మన వేపచెట్టుకు గొలుసు కడదాం. గేముల్లో ఆకుల్ని ఒక్కొక్కటిగా చెక్కరు. ఒక రెమ్మ బొమ్మను చిన్న పలక మీద ముద్రించి, ఆకుల్లేని భాగాన్ని పారదర్శకం చేసి, అలాంటి పలకల్ని కొమ్మల మీద అమరుస్తారు. వీటిని కార్డులంటారు. మన చెట్టుకు 30 సెంటీమీటర్ల కార్డులు 4000 ఉన్నాయనుకుందాం. 25 మీటర్ల దగ్గర ఎల్‌ఓడీ 1కి మారుతూ 2000 ఉంచుతాం. 55 మీటర్ల దగ్గర ఎల్‌ఓడీ 2, అందులో 500. 120 మీటర్లు దాటాక ఎల్‌ఓడీ 3, అది బొమ్మ మాత్రమే.

సగం కార్డులు తీసేస్తే చెట్టు సగం పలచబడుతుంది, వెనక ఆకాశం ఎక్కువ కనిపిస్తుంది. కాబట్టి మిగిలినవాటిని పెద్దవి చేయాలి. పందిరి మీద కొబ్బరాకులు సగమే దొరికితే, వాటికి రెట్టింపు వైశాల్యం ఉంటేనే కింద అదే నీడ పడుతుంది. లెక్క కూడా అంతే. కార్డులు సగమైతే ఒక్కోదాని వైశాల్యం రెట్టింపు కావాలి, అంటే పొడవూ వెడల్పూ 1.41 రెట్లు. 30 సెంటీమీటర్ల కార్డు 42 అవుతుంది. ఎనిమిదో వంతే మిగిలిన ఎల్‌ఓడీ 2లో 2.83 రెట్లు, సుమారు 85 సెంటీమీటర్లు. పిక్సార్ స్టూడియోలో రాబర్ట్ కుక్, ఆయన సహచరులు 2007లో ప్రచురించిన పత్రం ఈ పద్ధతిని పకడ్బందీగా నిలబెట్టింది. వాళ్ల అవసరం సినిమాలోని దట్టమైన పొదలూ చెట్లూ. గేములు అదే లెక్కను తమ పద్ధతిలోకి తెచ్చుకున్నాయి.

ఆ పత్రంలో నాకు బాగా నచ్చిన విషయం ఏ ఆకును ఎప్పుడు తీయాలన్నది. ముందుగానే ప్రతి ఆకుకూ యాదృచ్ఛికంగా ఒక వరుస సంఖ్య ఇస్తారు. దూరం పెరిగేకొద్దీ చివరి సంఖ్యల నుంచి తీసుకుంటూ వస్తారు. అప్పుడు ఎల్‌ఓడీ 2లో ఉన్న ప్రతి కార్డూ ఎల్‌ఓడీ 1లోనూ, ఎల్‌ఓడీ 0లోనూ అదే చోట ఉంటుంది. మెట్టు మారినప్పుడు మిగిలిన ఆకులు ఉన్నచోటే ఉంటాయి. ఒక్కో మెట్టును విడిగా తయారుచేస్తే ఈ పొందిక ఉండదు, ఆకుల గుత్తులన్నీ చోటు మారి చెట్టు కుదిలించినట్టు అవుతుంది. పైగా తీసేయాల్సిన ఆకును ఒక్కసారిగా మాయం చేయకుండా, దాని వంతు వచ్చేసరికి సున్నా పరిమాణానికి కుంచించుకుపోయేలా చేస్తారు. ఆ పక్కనే మిగతావి కొద్దికొద్దిగా పెరుగుతుంటాయి. మొత్తం వైశాల్యం ఏ క్షణంలోనూ మారదు.

అయితే ఈ 1.41, 2.83 అన్నవి మొదలుపెట్టడానికే. వాటిని అలాగే వాడితే రెండు చోట్ల దెబ్బతింటాం.

మొదటిది అంచు. గుబురు లోపల కార్డు పెరిగితే పక్క కార్డు మీదికి ఒరుగుతుంది, పెద్దగా తెలియదు. అంచున ఉన్నది పెరిగితే బయటికి పొడుచుకొస్తుంది. 42 సెంటీమీటర్ల కార్డు 85 అయినప్పుడు ఒక్కో పక్కా 21 సెంటీమీటర్లు బయటికి జరుగుతుంది. 55 మీటర్ల దగ్గర అది మూడున్నర పిక్సెళ్లు, రెండు పక్కలా కలిపి ఏడు. 204 పిక్సెళ్ల ఎత్తున్న చెట్టు హఠాత్తుగా ఏడు పిక్సెళ్లు లావెక్కితే తప్పకుండా కనిపిస్తుంది. అందుకని అంచు కార్డుల్ని కొమ్మ వైపు కొంత లోపలికి లాగుతారు, లోపలివాటికే ఎక్కువ పెంపు ఇస్తారు.

రెండోది ఆకు పరిమాణం. కార్డు 2.83 రెట్లు పెరిగితే దాని మీద ముద్రించిన ఆకూ అంతే పెరుగుతుంది. 6 సెంటీమీటర్ల ఆకు 17 అవుతుంది, 55 మీటర్ల దగ్గర ఒక పిక్సెల్ ఉండాల్సినది మూడు పిక్సెళ్లవుతుంది. వేపచెట్టు టేకుచెట్టులా కనిపించడం మొదలవుతుంది. దీనికి సరైన మార్గం ఎల్‌ఓడీ 2 కోసం వేరే కార్డు తయారుచేయడం. ఏడెనిమిది రెమ్మల్ని కలిపి, వాటిని ఒకే పెద్ద పలక మీద మళ్లీ ముద్రించుకోవాలి. కార్డు పెద్దదవుతుంది, ఆకు మాత్రం తన కొలతలోనే ఉంటుంది.

రంగుకీ ఇలాంటి లెక్క ఉంది. ఆకులన్నీ ఒకే పచ్చగా ఉండవు, లేతవీ ముదురువీ కలిసి ఉంటాయి. నిజమైన చెట్టు దూరంగా ఉంటే ఒక్కో పిక్సెల్‌లో పది ఆకులు కలిసిపోయి సగటు రంగు కనిపిస్తుంది. తక్కువ కార్డుల చెట్టులో ఒక పిక్సెల్‌కు ఒకే ఆకు దక్కుతుంది, దాంతో చెట్టు మచ్చమచ్చలుగా తయారవుతుంది. మెట్టు దిగేకొద్దీ ఆకుల రంగుల్ని సగటు వైపు కొంచెం జరపాలి. పిక్సార్ పత్రం ఈ సర్దుబాటును కూడా లెక్కగట్టి చెప్పింది.

ఇంత జాగ్రత్తగా కట్టిన గొలుసును పాడుచేసేది తరచుగా ఎవరూ అనుమానించని చోట ఉంటుంది. అది కార్డు మీది బొమ్మ. ప్రతి బొమ్మకూ సగం, పావు, అర్ధపావు కొలతల్లో చిన్న ప్రతులు తయారై ఉంటాయి, వాటిని మిప్‌మ్యాప్‌లంటారు. దూరమైనకొద్దీ చిన్న ప్రతి వాడతారు. బొమ్మలోని ప్రతి చుక్కకూ రంగుతోపాటు ఆల్ఫా అనే విలువ ఉంటుంది. ఆకు ఉన్నచోట 1, లేనిచోట 0. గీసేటప్పుడు 0.5 దాటితే ఆకు, లేకపోతే ఖాళీ అని తీర్పు చెబుతారు.

కార్డులో ఆకులు 35 శాతమే ఆక్రమించాయనుకోండి. చిన్న ప్రతి తయారుచేయడమంటే పక్క చుక్కల్ని సగటు చేయడం. సగటు చేస్తూ పోతే ఆల్ఫా అంతటా 0.35 దగ్గరికి చేరుతుంది. అది 0.5 దాటదు కాబట్టి ఆకులన్నీ రాలిపోతాయి. దూరమైనకొద్దీ చెట్లు బోడిగా మారడానికి చాలా గేముల్లో కారణం ఇదే. ఆకులు 60 శాతం ఆక్రమించిన కార్డుకు ఇదే తలకిందులుగా జరుగుతుంది, ఖాళీలన్నీ పూడిపోయి అట్టముక్క మిగులుతుంది. ది విట్‌నెస్ గేము మీద పనిచేసిన ఇగ్నాసియో కస్తాన్యో 2010లో దీనికి చక్కని పరిష్కారం రాశాడు. ఒక్కో చిన్న ప్రతినీ తయారుచేశాక అందులో 0.5 దాటిన చుక్కలు ఎంత శాతమో లెక్కపెట్టాలి. అది అసలు బొమ్మలోని 35 శాతానికి సమానమయ్యేదాకా ఆ ప్రతిలోని ఆల్ఫా అంతటినీ ఒక సంఖ్యతో గుణించాలి. ఈ లెక్క బొమ్మను సిద్ధం చేసేటప్పుడే జరిగిపోతుంది, గేము నడిచేటప్పుడు దీనికి పైసా ఖర్చు లేదు. యూనిటీలో ఇది బొమ్మ దిగుమతి చేసేచోట `Preserve Coverage` అన్న పేరుతో ఉంటుంది. చెట్టు గొలుసును సరిచూసే ముందు ఇది వేసి ఉందో లేదో చూడాలి. ఇది లేకుండా కార్డుల పరిమాణాన్ని దిద్దుకుంటూ కూర్చుంటే ఒక దూరంలో సరిపోయింది మరో దూరంలో తప్పుతుంది.

వెలుగు సంగతి క్లుప్తంగా చెబుతాను. కార్డు ఏ దిక్కు చూస్తే ఆ దిక్కునే వెలుగు పడేలా లెక్కిస్తే చెట్టు చిందరవందరగా మెరుస్తుంది. అందుకే గుబురు చుట్టూ ఒక నునుపైన తొడుగు ఊహించుకుని, దాని మీది దిక్కుల్నే కార్డులకు ఇస్తారు. గొలుసులోని అన్ని మెట్లకూ ఒకే తొడుగు నుంచి దిక్కులు తీసుకోవాలి. గుబురు లోపలి చీకటిని కూడా ఎల్‌ఓడీ 0లో ఒకసారి లెక్కగట్టి, మిగతావాటికి అదే అందించాలి. మెట్టు మారగానే చెట్టు తెల్లబోయిందంటే ఈ లోపలి చీకటి ఎక్కడో జారిపోయిందని అనుమానించాలి.

120 మీటర్ల తర్వాత వచ్చే బొమ్మను ఇంపోస్టర్ అంటారు. చెట్టును ముందుగానే అనేక దిక్కుల నుంచి ఫొటో తీసినట్టు తీసి, అన్నీ ఒకే పెద్ద బొమ్మలో గళ్లుగా పేర్చుకుంటారు. కెమెరా ఏ దిక్కున ఉంటే దానికి దగ్గరి ఫొటోల్ని కలిపి చూపిస్తారు. ఈ దిక్కుల్ని అష్టముఖి అనే ఎనిమిది ముఖాల ఘనాకృతి సాయంతో పరిచే పద్ధతిని ఎపిక్ గేమ్స్‌లో పనిచేసిన రయన్ బ్రక్స్ 2018లో ప్రాచుర్యంలోకి తెచ్చాడు. అది ఫోర్ట్‌నైట్ గేములో వాడుకలోకి వచ్చింది. 2048 పిక్సెళ్ల బొమ్మలో అడ్డంగా 8, నిలువుగా 8 గళ్లు పెడితే ఒక్కో ఫొటోకు 256 పిక్సెళ్లు దక్కుతాయి. మన చెట్టు 120 మీటర్ల దగ్గర 93 పిక్సెళ్లే, నాణ్యత రెట్టింపైన 2160 వరుసల తెరమీద కూడా 187. కాబట్టి 256 చాలు. ఇంపోస్టర్‌ను ఎంత దగ్గరికి తేవచ్చో కూడా ఇదే లెక్క చెబుతుంది. తెరమీది ఎత్తు గడి ఎత్తును దాటితే బొమ్మ మసకబారుతుంది.

ఇంపోస్టర్‌ను ఎక్కువగా పట్టిచ్చేది నాణ్యత కాదు, గాలి. 119 మీటర్ల దగ్గర ఊగుతున్న చెట్టు 121 దగ్గర కొయ్యబారిపోతే ఎవరికైనా తెలుస్తుంది. ఇక్కడ కూడా 935 లెక్కే దారి చూపుతుంది. ఆకుల వణుకు 10 సెంటీమీటర్లయితే 120 మీటర్ల దగ్గర అది 0.8 పిక్సెల్ కన్నా తక్కువ. దాన్ని అంతకు ముందే క్రమంగా సున్నాకు తగ్గించేస్తే నష్టం లేదు. కానీ గుబురంతా 40 సెంటీమీటర్లు ఊగుతుంటే అది మూడు పిక్సెళ్లు. దాన్ని ఆపకూడదు. ఇంపోస్టర్ పలక పైఅంచును అదే లయలో అటూ ఇటూ వంచాలి. లయ ఎక్కడ మొదలవ్వాలో చెట్టు నిలబడ్డ స్థానం నుంచి లెక్కిస్తే అన్ని మెట్లూ ఒకే క్షణంలో ఒకే వైపు వంగి ఉంటాయి. ఒక్కో రూపం తన సొంత గడియారం పెట్టుకుంటే మార్పిడి క్షణంలో చెట్టు అటునుంచి ఇటు గెంతుతుంది.

ఇప్పుడు మసకబార్చడం దగ్గరికి వద్దాం. రెండు రూపాలనూ సగం సగం పారదర్శకంగా ఒకదానిమీద ఒకటి గీస్తే బాగుంటుందని మొదట తోస్తుంది. కానీ సగం పారదర్శకమైన రెండు పొరల గుండా నాలుగో వంతు వెనక దృశ్యం కనిపిస్తుంది. మార్పిడి మధ్యలో చెట్టు గాజులా అవుతుంది. అందుకే డిథరింగ్ వాడతారు. పిక్సెళ్లను ఒక చల్లిన చుక్కల నమూనా ప్రకారం పంచి, కొన్నింటిని దగ్గరి రూపానికి, మిగిలినవాటిని దూరపు రూపానికి ఇస్తారు. రెండు రూపాలూ ఒకే నమూనాను వాడాలి, ఒకటి తీసుకున్నది రెండోది వదలాలి. షేడర్‌లో అది ఇంతే:

```glsl
float n = fract(52.9829189 *
    fract(dot(gl_FragCoord.xy, vec2(0.06711056, 0.00583715))));
bool mine = isNear ? (n < fade) : (n >= fade);
if (!mine) discard;
```

ఇక్కడ `fade` అంటే దగ్గరి రూపానికి దక్కే వాటా, అది 1 నుంచి 0కి దిగుతుంది. మొదటి వరుసలోని చుక్కల నమూనా హోర్హే హిమెనెజ్ 2014లో చూపించినది. కంటికి గళ్లుగా తోచకుండా, పక్కపక్క పిక్సెళ్ల మధ్య వాటాను సమంగా పంచుతుంది. `n` రెండింటికీ ఒకటే కాబట్టి ఏ పిక్సెల్‌నూ ఇద్దరూ వదిలిపెట్టరు. ఒక్కో రూపానికీ వేరే నమూనా ఇస్తే మళ్లీ ఆ నాలుగో వంతు చిల్లులు తిరిగొస్తాయి. మార్పిడి మధ్యలో చెట్టు గుండా ఆకాశం మెరిసిందంటే ముందు చూడాల్సింది ఈ ఒక్క విషయమే.

ఈ మసకను దూరంతో నడపాలా, కాలంతో నడపాలా అన్నది ఇంకో ప్రశ్న. దూరంతో నడిపితే ఆటగాడు సరిగ్గా ఆ మధ్యలో ఆగిపోయినప్పుడు రెండు చెట్లనూ గీస్తూనే ఉండాలి, చుక్కలూ కనిపిస్తూనే ఉంటాయి. నా మొగ్గు కాలం వైపే. దూరం దాటగానే మొదలై అర సెకనులోపు ముగియాలి. అప్పుడు ఇంకొక జాగ్రత్త కావాలి. 25 మీటర్ల దగ్గర వెనక్కీ ముందుకీ తారట్లాడే ఆటగాడికి చెట్టు పదేపదే మారకుండా, దూరమయ్యేటప్పుడు 25 దగ్గర, దగ్గరయ్యేటప్పుడు 22 దగ్గర మార్చాలి. ఇంకా, అన్ని వేపచెట్లూ సరిగ్గా 55 మీటర్ల దగ్గరే మారితే ఆటగాడి చుట్టూ ఒక వలయం అతనితోపాటు అడవిలో పాకుతూ కనిపిస్తుంది. ఒక్కో చెట్టు మార్పిడి దూరాన్ని పది శాతం అటూ ఇటూ జరిపితే ఆ వలయం చెదిరిపోతుంది. దుర్భిణి పెట్టి చూసే గేముల్లో మీటర్లను అసలు నమ్మకూడదు. దృష్టికోణం మారితే 935 కూడా మారుతుంది కాబట్టి పిక్సెళ్ల ఎత్తుతోనే నిర్ణయించాలి.

గడ్డి దగ్గర ఇదే సూత్రం ఇంకో రూపం తీసుకుంటుంది. సెంటీమీటర్ వెడల్పున్న పోచ 9 మీటర్లు దాటగానే పిక్సెల్ కన్నా సన్నబడుతుంది. చెట్టుకు 56 మీటర్ల దగ్గర వచ్చిన చిక్కు గడ్డికి నాలుగు అంగల్లోనే మొదలవుతుందన్నమాట. ఇక్కడ తెలుసుకోదగ్గ ఉదాహరణ 2020లో వచ్చిన ఘోస్ట్ ఆఫ్ సుషీమా. 1274లో మంగోలులు దాడిచేసిన జపాన్ దీవి మీద నడిచే కథ అది. దారి ఎటో చూపించేది గాలి. కాబట్టి కనుచూపు మేరా గడ్డి ఊగాల్సిందే. సకర్ పంచ్ స్టూడియో ఇంజనీర్లు తమ పద్ధతిని 2021లో గేమ్ డెవలపర్స్ కాన్ఫరెన్స్‌లో వివరించారు.

వాళ్ల గడ్డిలో కార్డులు లేవు. ప్రతి పోచనూ బెజియర్ అనే వంపు గీత నుంచి గ్రాఫిక్స్ చిప్ అప్పటికప్పుడు తయారుచేస్తుంది. దగ్గరి పోచకు 15 శీర్షాలు, అంటే అటూ ఇటూ ఏడు జతలు, పైన కొన ఒకటి. దూరపు పోచకు 7, అంటే మూడు జతలూ కొనా. రెండూ ఒకే వంపు మీద నడుస్తాయి కాబట్టి ఒకదాని నుంచి ఒకదానికి మారేటప్పుడు పోచ ఆకారం దాదాపు కదలదు. నేలను గళ్లుగా విభజించారు. దూరపు గడి వైశాల్యం దగ్గరి గడికి నాలుగు రెట్లు, అందులో పోచల సంఖ్య మాత్రం అంతే. అంటే సాంద్రత నాలుగో వంతు. గడి మారిన క్షణంలో నాలుగింట మూడు పోచలు మాయమైతే నేలంతా ఉలిక్కిపడుతుంది. అందుకని హద్దు సమీపించేకొద్దీ దగ్గరి గడిలోనే నాలుగింట మూడు పోచల్ని ముందుగానే వదిలించుకుంటూ వస్తారు. హద్దు దగ్గరికి వచ్చేసరికి రెండు గళ్లూ ఒకేలా ఉంటాయి.

వైశాల్యాన్ని నిలబెట్టే లెక్క గడ్డికి కొంచెం మారుతుంది. చెట్టు కార్డును పొడవునా వెడల్పునా పెంచాం. గడ్డిపోచ పొడవు పెంచితే మైదానమే ఎత్తు పెరిగినట్టు కనిపిస్తుంది, కాబట్టి పెంపంతా వెడల్పులోకే పోవాలి. నాలుగో వంతు మిగిలితే సెంటీమీటర్ పోచ 4 సెంటీమీటర్లు కావాలి. అంత వెడల్పు పోచ 15 మీటర్ల దగ్గర రెండున్నర పిక్సెళ్లు, అది గడ్డిలా కాక పట్టీలా కనిపిస్తుంది. 37 మీటర్ల దగ్గర అదే పోచ ఒక పిక్సెల్. కాబట్టి ఇంత పెద్ద కోత 37 చుట్టుపక్కల ముగియాలి, అంతకన్నా దగ్గర్లో కోయాలంటే సగం సగంగా కోయాలి.

గడ్డి గొలుసులో చివరి మెట్టు పోచే కాదు, నేల రంగు. పోచల్ని క్రమంగా కిందికి దించి నేలలో కలిపేస్తారు. అక్కడ నేలకు వేసిన రంగు గడ్డి రంగుతో కలవకపోతే పచ్చటి దుప్పటి అంచులా ఒక గీత ఏర్పడుతుంది. ఈ రంగును పైనుంచి చూసి తీసుకోవడం సహజంగా జరిగే పొరపాటు. పైనుంచి చూస్తే పోచల మధ్య మట్టి కనిపిస్తుంది. నిలబడ్డ మనిషి ఎత్తు నుంచి దూరంగా చూస్తే ఒక పోచ వెనక ఇంకో పోచ అడ్డుపడి మట్టి దాదాపు కనిపించదు, కొనల లేత రంగే ఎక్కువగా కనబడుతుంది. గడ్డి అంతమయ్యే దూరం నుంచి, ఆటగాడి కంటి ఎత్తులో సగటు తీసిన రంగునే నేలకు వేయాలి.

ఇదంతా సరిగ్గా కుదిరిందో లేదో తేల్చడానికి పాత ఖగోళ శాస్త్రజ్ఞుల పద్ధతిని మించింది లేదు. 1930లో క్లైడ్ టాంబా ప్లూటోను కనిపెట్టింది ఆకాశపు రెండు ఫొటోల్ని ఒకే చోట గబగబా మార్చి మార్చి చూసే బ్లింక్ కంపరేటర్ అనే పరికరంతోనే. వేల నక్షత్రాల మధ్య చోటు మారిన ఒక్క చుక్క అలా మార్చినప్పుడు గెంతి కనిపిస్తుంది. పాపింగ్‌ను పట్టించేది కూడా కంటికున్న ఆ గుణమే. కెమెరాను మార్పిడి దూరంలో బిగించి, గాలిని ఆపి, రెండు రూపాల చిత్రాల్ని ఒకే చోట మార్చి మార్చి చూడాలి. తర్వాత రెండు కొలతలు తీయాలి. చెట్టును తెల్లగా, వెనకంతా నల్లగా గీసి తెల్ల పిక్సెళ్లు లెక్కపెడితే కప్పిన స్థలం తెలుస్తుంది. మామూలు చిత్రాన్ని ఎనిమిదికి ఎనిమిది పిక్సెళ్లకు కుదించి పోల్చితే సగటు రంగు ఎక్కడ తప్పిందో తెలుస్తుంది. తెల్ల పిక్సెళ్లు తగ్గితే కార్డు పరిమాణమో ఆల్ఫానో దిద్దాలి. అవి సరిపోయి రంగు తేడా వస్తే వెలుగు దిక్కులో లోపలి చీకటో చూడాలి. రెండూ కలిశాక గాలి వదిలి మళ్లీ చూడాలి. ఎండ ఎదురుగా ఉన్నప్పుడు ఒకసారి, వీపు వెనక ఉన్నప్పుడు ఒకసారి. నీడను మరిచిపోకూడదు. చెట్టు ఆటగాడి వెనక ఉన్నా దాని నీడ ముందు పడుతుంది, అది మారితే చెట్టు మారినంతగానూ కనిపిస్తుంది.

అన్‌రియల్ ఇంజిన్‌లోని నానైట్ ఈ మెట్లను చేత్తో కట్టే పనిని చాలావరకు తప్పించింది. అది త్రిభుజాల్ని చిన్న గుంపులుగా విడగొట్టి, ఒక్కో గుంపుకూ విడిగా మెట్టు ఎంచుకుంటుంది. కానీ చెట్ల దగ్గర దానికీ ఇదే చిక్కు ఎదురైంది, ఆకులు పలచబడ్డాయి. 2022లో వచ్చిన 5.1 ప్రతిలో `Preserve Area` అనే మీట చేర్చారు. తీసేసిన ఆకుల వైశాల్యాన్ని మిగిలిన ఆకులకు పంచడమే దాని పని.

ఎంత చేసినా గొలుసు లొంగని చోటు ఒకటుంది. కొండ శిఖరం మీద ఒంటరిగా, ప్రకాశవంతమైన ఆకాశానికి ఎదురుగా నిలబడ్డ చెట్టు. వెనక అడవి ఉంటే కొన్ని పిక్సెళ్ల తేడా పచ్చలో పచ్చగా కలిసిపోతుంది. ఆకాశం ముందు ప్రతి ఆకు ఖాళీ తెలుపు నలుపుల తేడాగా కనిపిస్తుంది, రెండు శాతం తేడా కూడా దాగదు. అలాంటి చెట్లకు సగటు లెక్కల్ని పక్కనపెట్టి, స్థలాన్ని తీర్చిదిద్దే కళాకారులే వాటిని గుర్తుపట్టి, మార్పిడి దూరాన్ని రెట్టింపు చేసి వదిలేయడం మంచిది. ఒక దృశ్యంలో అలాంటివి పదో పాతికో ఉంటాయి, వాటి ఖర్చును మిగతా వేల చెట్లు మిగిల్చిన ఖర్చులోంచి భరించవచ్చు.